గుత్తిలో తీసిన రక్తానికి ఆరు గంటల గడువు

రక్తదాన శిబిరం పెట్టాలనుకునే కుర్రాళ్లు మా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుంది. పైన షామియానా, కుర్చీలు, ఫ్లెక్సీ, మైకు. ఆ కింద అరటిపండ్లు, బిస్కెట్లు, సర్టిఫికెట్లు. చిట్టచివర "బ్లడ్ బ్యాంక్ వాళ్లు తెచ్చుకునేవి" అని ఒకే ఒక్క వరుస. పదేళ్లకు పైగా టెక్నీషియన్‌గా శిబిరాలకు తిరుగుతున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ కాగితాన్ని కిందనుంచి పైకి రాయాలి. ముందు ల్యాబ్‌లో రక్తాన్ని తిప్పి విడదీసే మిషన్ ఎన్ని గంటలకు తిరుగుతుందో రాయాలి. దాన్నిబట్టి బండి ఎప్పుడు బయల్దేరాలో తేలుతుంది, బండిని బట్టి ఏ బ్యాగులో ఎప్పుడు రక్తం తీయాలో తేలుతుంది. ఆ తర్వాతే ఐస్, మనుషులు, ఫారాలు, కుర్చీలు. అలా ఎందుకో ఒక శిబిరాన్ని మొదటినుంచి చివరిదాకా లెక్కగట్టి చూపిస్తాను.

గుత్తిలో ఒక డిగ్రీ కాలేజీ అనుకుందాం. జూన్ రెండో వారం. 14వ తేదీ ప్రపంచ రక్తదాతల దినోత్సవం కాబట్టి ఆ వారంలో శిబిరాలు ఎక్కువ. ఎండ ఇంకా తగ్గలేదు, మధ్యాహ్నానికి 38 డిగ్రీల చుట్టూ ఉంటుంది. వందమంది దాకా పేర్లిచ్చారు. రక్తం చేరాల్సింది అనంతపురానికి. దూరం యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. హైవే బాగానే ఉన్నా సామాను ఎక్కించడం, దించడం కలుపుకుని గంటంబావు పడుతుంది. బండి ఒక్కటే, ఒక్క ట్రిప్పే.

ఆ ఆరు గంటలు ఎక్కడివి

తీసిన రక్తాన్ని ఉన్నదున్నట్టుగా ఎక్కించడం ఇప్పుడు తగ్గింది. మూడు బ్యాగులు గొట్టాలతో కలిసి ఉండే ట్రిపుల్ బ్యాగులో తీస్తే ల్యాబ్‌లో దాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్లెట్లు అని మూడుగా విడదీస్తారు. ఒక్క దాత రక్తం ముగ్గురికి పనికొస్తుంది. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య వారాల తరబడి ఉంచొచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మామూలు సీపీడీఏ ద్రవం ఉన్న బ్యాగులో అయితే 35 రోజులు. ప్లేట్లెట్ల సంగతి అలా కాదు. వాటికి చలి పడదు. ఫ్రిజ్‌లో పెడితే దెబ్బతింటాయి, 20 నుంచి 24 డిగ్రీల మధ్యే ఉండాలి. విడదీశాక కూడా అదే వేడిలో, మెల్లగా ఊపే మిషన్ మీద ఉంచితే ఐదు రోజులు ఆగుతాయి.

ఆ విడదీసే పని రక్తం తీసినప్పటినుంచి ఆరు గంటల్లోపు అయిపోవాలి. ఎనిమిది గంటల దాకా ఒప్పుకునే చోట్లూ ఉన్నాయిగానీ, మా ఎండల్లో ఆరు గంటలనే గీత గీసుకుని పనిచేయడం మంచిది. గడువు దాటితే రక్తం పారబోయక్కర్లేదు, ఎర్రకణాలు పనికొస్తాయి. పోయేది ప్లేట్లెట్లు, తాజా ప్లాస్మా. వానలు పడి డెంగీ మొదలయ్యాక మనవాళ్లు ఫోన్లు పట్టుకుని ఊరంతా వెతికేది ఆ ప్లేట్లెట్ల కోసమే.

ఇప్పుడు మన శిబిరానికి లెక్క వేద్దాం. మొదటి దాత 9:15కు పడుకుంటాడు. 1:30కు ఆఖరి బ్యాగు నిండుతుంది. సర్దుకుని 2 గంటలకు బయల్దేరితే 3:15కు అనంతపురం. అప్పటికే మొదటి బ్యాగుకు ఆరు గంటలు నిండిపోయాయి. ఇంకా మిషన్ తిరగనే లేదు.

మిషన్‌కూ ఒక హద్దు ఉంది. పెద్ద సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారికి పన్నెండు బ్యాగులు పడతాయి. ఎదురెదురు గిన్నెలను గ్రాముల లెక్కన సమానంగా తూచి పెట్టడం, తిప్పడం, మిషన్ మెల్లగా ఆగేదాకా ఉండటం, పైన తేలిన ప్లాస్మాను కలగకుండా పక్క బ్యాగులోకి దించడం, అన్నీ కలిపి ఒక విడతకు ముప్పావుగంట వేసుకోవాలి. 3:30కు మొదలుపెడితే నాలుగు విడతలు 6:30కు ముగుస్తాయి. అంటే ఆ రోజు విడదీయగలిగేది 48 బ్యాగులు. అంతకు మించి ట్రిపుల్ బ్యాగుల్లో తీసినా ప్రయోజనం లేదు.

మామూలుగా అందరూ ఏం చేస్తారంటే, ఖరీదైన ట్రిపుల్ బ్యాగులు ముందు వాడేస్తారు. పొద్దున్నే వచ్చిన మొదటి యాభైమందికి ట్రిపుల్, తర్వాత వచ్చినవాళ్లకు మామూలు బ్యాగు. ఒక్క ట్రిప్పు బండి ఉన్నచోట అది తలకిందుల పని. పొద్దున 9:15 నుంచి 11 దాకా మామూలు బ్యాగుల్లో తీయాలి, గంటకు ఇరవైమంది చొప్పున ముప్పై అయిదు, ముప్పై ఆరు అవుతాయి. 11 గంటలకు ట్రిపుల్‌కు మారాలి. 11 నుంచి 1:30 లోపు 48 నిండుతాయి. వాటిలో మొదటిదానికి గడువు సాయంత్రం 5 గంటలు. అది మొదటి విడతలో 4:15కే బయటపడుతుంది. రెండో విడతలోని మొదటి బ్యాగుకు గడువు 5:35 ప్రాంతం, పని 5కు ముగుస్తుంది. నాలుగో విడత 12:50 తర్వాత తీసినవి, గడువు 6:50, మనం ముగించేది 6:30. అన్నీ గీత లోపలే ఉన్నాయి, ఆఖర్న ఇరవై నిమిషాలు మిగిలింది కూడా. రూపాయి ఖర్చు లేకుండా, బ్యాగుల వరుస మార్చినందుకు వచ్చిన లాభం ఇది. రెండో బండి దొరికితే ఈ తంటా లేదు. మొదటి రెండు డజన్లను పదకొండుంబావుకే పంపేస్తే సరిపోతుంది.

ఈ వరుస పాటించాలంటే ఫారం దగ్గరా, బెడ్ల దగ్గరా ఉన్నవాళ్లకు రెండు సంగతులు తెలిసి ఉండాలి. గత మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్న దాత మిగతా అన్నివిధాలా సరిగా ఉంటే రక్తం ఇవ్వొచ్చుగానీ, ఆ ప్లేట్లెట్లు పనిచేయవు. కాబట్టి పదకొండు దాటాక వచ్చినా అతనికి మామూలు బ్యాగే. రెండోది, నరం సన్నగా ఉండి రక్తం నెమ్మదిగా వచ్చే బ్యాగు. పది నిమిషాలు దాటితే దాన్ని ప్లేట్లెట్లకు వాడరు. అందుకే ప్రతి బ్యాగు మీద సూది గుచ్చిన టైమూ, తీసిన టైమూ రెండూ రాయాలి. గడియారం ఒకటి జాబితాలో రాసుకోండి, గోడకు తగిలించేది, బెడ్లన్నిటికీ కనబడేది. ఎవరి ఫోన్ చూసి వాళ్లు రాస్తే రెండు మూడు నిమిషాల తేడాలొస్తాయి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఫోన్ తీయడం అసలే వద్దు.

రెండు పెట్టెలు, రెండు వేడిమిలు

పొద్దున తీసిన మామూలు బ్యాగులకూ, పదకొండు తర్వాతి ట్రిపుల్ బ్యాగులకూ ఒకే పెట్టె పనికిరాదు. మొదటివి చల్లగా, 2 నుంచి 10 డిగ్రీల మధ్య ప్రయాణం చేయాలి. రెండోవి 20 నుంచి 24 డిగ్రీల మధ్య. రెండు పెట్టెలకూ రెండు రంగుల టేపు చుట్టి, మూత మీద పెద్ద అక్షరాలతో "చల్లనిది", "ఐస్ వద్దు" అని రాసి పెడతాను. మూత తెరిచేది ఎప్పుడూ నేనొక్కడినే కాదు కదా.

చల్లటి పెట్టెకు ఐస్ ఎంత? "ఒక పది ప్యాకులు పడేయండన్నా" అంటారు. లెక్క అంత కష్టమేం కాదు. 350 మిల్లీలీటర్ల రక్తం, దాంతోపాటు బ్యాగులో ముందే ఉన్న 49 మిల్లీలీటర్ల సీపీడీఏ ద్రవం, రెండూ కలిపి దాదాపు 420 గ్రాములు. ఒంట్లోంచి వచ్చినప్పుడు రక్తం 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది కూడా వేడిగానే ఉంటుంది కాబట్టి బ్యాగు మొత్తాన్ని 35 అనుకుందాం. దాన్ని 6 డిగ్రీలకు దించాలంటే ఒక్కో బ్యాగుకు 130, 140 గ్రాముల ఐస్ కరగాలి. 36 బ్యాగులకు అది ఐదు కిలోలు. ఇది రక్తంలోని వేడికి మాత్రమే. గోడల్లోంచి వచ్చే వేడి, మూత తీసిన ప్రతిసారీ దూరే గుత్తి గాలి వేరే. అందుకని రెట్టింపు చేసి పది కిలోలు అనుకోవాలి. 400 గ్రాముల ప్యాకులైతే ఇరవై అయిదు. పది ప్యాకులు వేస్తే అవి రక్తంలోని వేడికే చాలవు. బండి గార్లదిన్నె దాటేసరికి పెట్టెలో నీళ్లే మిగులుతాయి.

ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు. ఒకసారి ఒక మండలంలో శిబిరానికి వెళ్లాం. సాయం చేద్దామని ఒక కుర్రాడు డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను తీసినట్టే తెచ్చి బ్యాగుల మధ్య, కింద, పైన దోపాడు. అట్టముక్క కూడా అడ్డం పెట్టలేదు. నేను బెడ్ల దగ్గర ఉండి చూసుకోలేదు, తప్పు నాదే. మర్నాడు పొద్దున ఫ్రిజ్ తెరిచి చూస్తే కణాలన్నీ కిందికి దిగి, పైన ప్లాస్మా తేరుకుని ఉంది. మంచి బ్యాగులో ఆ ప్లాస్మా లేత గడ్డి రంగులో, పలుచటి పసుపుగా ఉంటుంది. అంచున పెట్టిన నాలుగు బ్యాగుల్లో మాత్రం దానిమ్మ గింజ నీళ్లలా ఎర్రగా ఉంది. ఐస్‌కు ఆనుకున్నచోట రక్తం గడ్డకట్టి, కరిగేటప్పుడు ఎర్రకణాలు పగిలిపోయాయన్నమాట. నాలుగూ పక్కన పెట్టేశాం. ఆ నలుగురు దాతల్లో ఒకాయన పనికి సెలవు పెట్టి, సైకిల్ మీద వచ్చి ఇచ్చాడని నాకు గుర్తుంది.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ప్యాకులను ఫ్రీజర్‌లోంచి తీసి వాడే ముందు కాసేపు బల్ల మీద ఉంచాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. అంటే ప్యాకు సున్నా డిగ్రీలకు వచ్చిందని అర్థం, ఇక రక్తాన్ని గడ్డకట్టించలేదు. పెట్టె అడుగున కొన్ని, వాటి మీద మందపాటి అట్ట, ఆపైన బ్యాగులు నిలువుగా, మళ్లీ అట్ట, పైన ఎక్కువ ప్యాకులు. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి పైన పెట్టిన ఐసే బాగా పనిచేస్తుంది. బ్యాగుల మధ్యలో థర్మామీటర్ మొన ఉండాలి, దాని తెర పెట్టె బయట కనబడాలి. అరగంటకోసారి ఆ అంకె కాగితం మీద రాయాలి. మూత తీసి చూడాల్సిన అవసరం రాకూడదు.

రెండో పెట్టెకు ఐస్ పెట్టరు. దీనికి 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టి కరిగే రసాయనం నింపిన ప్రత్యేక పలకలు ఉంటాయి. వాటిని ముందురోజు రాత్రే చల్లబరిచి పెట్టుకోవాలి. పలకలు లేకపోతే శిబిరం జరిగినంతసేపూ ఏసీ గది కావాలి. డిగ్రీ కాలేజీల్లో అది సాధారణంగా ప్రిన్సిపాల్ గారి గదో కంప్యూటర్ ల్యాబో అవుతుంది. ముందురోజే అడిగి, 22 డిగ్రీలకు పెట్టించి, బ్యాగులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ట్రేలలో పరవాలి. కరెంటు పోతే జనరేటర్ ఆ గదికి ఎక్కుతుందా లేదా అన్నది స్విచ్ వేసి చూసుకోవాలి, మాట మీద నమ్మొద్దు. బండిలో కూడా ఏసీ నడవాలి.

బ్యాగు మారితే తూకం మారుతుంది

పదకొండు గంటలకు మామూలు బ్యాగుల నుంచి ట్రిపుల్‌కు మారినప్పుడు జరిగే ఒక పొరపాటు గురించి విడిగా చెప్పాలి. బ్యాగులో రక్తం ఎంత పడిందో తూకంతోనే తెలుస్తుంది. 350 మిల్లీలీటర్ల రక్తం 370 గ్రాముల దాకా తూగుతుంది. ముందు ఖాళీ బ్యాగును పెట్టి కాటాను సున్నాకు తేవాలి, తర్వాత 370 రాగానే ఆపాలి. ట్రిపుల్ బ్యాగుకు అదనంగా రెండు పక్క బ్యాగులు, గొట్టాలు, కొన్నిట్లో ఎర్రకణాల కోసం మరో ద్రవం కూడా ఉంటాయి. కాబట్టి ఖాళీగానే బరువెక్కువ. పొద్దున పెట్టిన సున్నాతోనే తూస్తే ఆ బరువంతా రక్తం ఖాతాలో పడిపోయి, బ్యాగు నిండకముందే ఆపేస్తాం. రక్తం తక్కువ, గడ్డకట్టకుండా ఆపే ద్రవం ఎక్కువ అవుతుంది. ఆ బ్యాగు కొలతకు నిలవదు. కాబట్టి జాబితాలో "11 గంటలకు అన్ని కాటాలూ మళ్లీ సున్నా" అని రాసి, ఆ పని ఎవరిదో పేరు కూడా రాయాలి.

ఊపే మిషన్లు లేని బెడ్ల దగ్గర అరనిమిషానికి, ముప్పావు నిమిషానికి ఒకసారి బ్యాగును చేత్తో మెల్లగా తిప్పాలి. లేకపోతే లోపల చిన్న చిన్న గడ్డలు కడతాయి. బయటికి అవి కనబడవు, ఆస్పత్రిలో ఎక్కించేటప్పుడు ఫిల్టర్ దగ్గర అడ్డం పడతాయి.

బ్యాగులు అల్యూమినియం కవర్లలో వస్తాయి. కవరు ఒకసారి తెరిచాక కొద్దిరోజుల్లోనే వాడేయాలి. ముందే అన్నీ చించి బల్ల మీద పేర్చడం చూడటానికి బాగుంటుందిగానీ, మిగిలినవి వృథా అవుతాయి. అవసరం వచ్చినకొద్దీ ఒక్కో కవరే తెరవాలి. తెరవగానే లోపల తడి ఉందా, ద్రవం తేటగా ఉందా చూడాలి. మన శిబిరానికి మామూలువి 45, ట్రిపుల్ 55 తీసుకెళ్దాం. మిగిలిన సామాను దాతల లెక్కనే ఉంటుంది, స్పిరిట్, అయోడిన్ ద్రావణం, దూది, గ్లవ్స్, టేపు, వేలికి గుచ్చే లాన్సెట్లు. లాన్సెట్లు మాత్రం బ్యాగుల కంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే పరీక్షకు వచ్చినవాళ్లందరూ ఇవ్వలేరు. గొట్టం అతికించే సీలర్ మిషన్‌కు బ్యాటరీ నిండుగా ఉందా చూసుకోవాలి. అది మొరాయిస్తే వాడటానికి అల్యూమినియం క్లిప్పులు ఒక డబ్బా.

హిమోగ్లోబిన్ పరీక్ష దగ్గర ఒక్క మాట. మీటర్ ఉంటే సరే. కాపర్ సల్ఫేట్ నీలిద్రావణం వాడే చోట రక్తం చుక్క పదిహేను సెకన్లలో మునిగితే 12.5 గ్రాములు ఉన్నట్టు, తేలితే లేనట్టు. ఆ ద్రావణం సాంద్రత 1.053 ఉంటేనే ఈ లెక్క సరి. గ్లాసు మూత పెట్టకుండా ఫ్యాను కింద వదిలేస్తే నీళ్లు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది. అప్పుడు మంచి రక్తం కూడా తేలుతుంది. పదకొండు తర్వాత ఉన్నట్టుండి ఎక్కువమంది వెనక్కి పోతుంటే దాతల్లో రక్తం తగ్గిందనుకోకండి, ముందు గ్లాసు చూడండి. 30 మిల్లీలీటర్లకు ఇరవై అయిదు పరీక్షలు కాగానే పారబోసి కొత్తది పోయాలి.

ఎంతమంది మనుషులు, ఎన్ని బెడ్లు

దీనికి రూల్సులోనే ఒక కొలత ఉంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్, 1945లోని షెడ్యూల్ ఎఫ్ ప్రకారం మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర, లేదా ఐదు గంటల్లో 100 నుంచి 120 మంది దగ్గర రక్తం తీయాలంటే ఒక డాక్టరు, ఆరు నుంచి ఎనిమిది బెడ్లు చూసుకునే ఇద్దరు నర్సులు, ఇద్దరు మెడికో సోషల్ వర్కర్లు, ముగ్గురు టెక్నీషియన్లు, ఇద్దరు అటెండర్లు, ఎనిమిది నుంచి పదిమంది పట్టే బండి ఉండాలి. మన గుత్తి శిబిరం సరిగ్గా ఈ కొలతలోకి వస్తుంది. శిబిరాన్ని లైసెన్సు ఉన్న బ్లడ్ సెంటర్లు, రెడ్‌క్రాస్ వంటివే నడపాలి. ఊళ్లోని యువజన సంఘం చేయగలిగింది పిలవడం, ఏర్పాట్లు చూడటం.

నిర్వాహకులు తరచూ అడిగేది, "బెడ్లు ఇంకో నాలుగు వేయిస్తాం, తొందరగా అయిపోతుంది కదా సార్?" అని. కాదు. ఒక దాత బెడ్ మీద ఇరవై నిమిషాలు ఉంటాడనుకుంటే ఎనిమిది బెడ్లకు గంటకు ఇరవై నాలుగుమంది అవుతారు. ఒక్క డాక్టరు ఒక్కొక్కరికి మూడు నిమిషాల దాకా ఇచ్చి బీపీ చూసి, ప్రశ్నలడిగితే గంటకు తెమిలేది ఇరవై, ఇరవై రెండుమందే. నాలుగు బెడ్లు పెంచితే అవి ఖాళీగా ఉంటాయి, లేదా డాక్టరు ప్రశ్నలు తగ్గిస్తాడు. రెండోది ప్రమాదం. బెడ్లు పెంచాలంటే ముందు రెండో డాక్టరు కావాలి.

ముగ్గురు టెక్నీషియన్లలో ఒకరు హిమోగ్లోబిన్ పరీక్షకు, ఒకరు లేబుళ్లు, సీలింగుకు. మూడో మనిషికి పెట్టెలు తప్ప వేరే పని చెప్పకూడదు. ఏ బ్యాగు ఎప్పుడు ఏ పెట్టెలోకి వెళ్లిందో, థర్మామీటర్ ఎంత చూపిస్తోందో రాసేది ఆయనే. రద్దీ పెరిగినప్పుడు ముందుగా లాక్కుపోయేది ఈ మనిషినే. ఆ ఎర్ర ప్లాస్మా రోజు మా దగ్గర జరిగింది అదే.

కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఎక్కువగా బెడ్ మీద పడరు, లేచి నాలుగడుగులు వేశాక పడతారు. అందుకే ఒక అటెండర్ దాత చెయ్యి పట్టుకుని కుర్చీదాకా తీసుకురావాలి. ముఖం పాలిపోయి, నుదుటి మీద చెమట పట్టి, ఆవులింతలు మొదలైతే అక్కడే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. చుట్టూ మూగనివ్వొద్దు. ఆక్సిజన్, సెలైన్, అత్యవసర మందుల కిట్టు డాక్టరు బల్ల పక్కనే ఉండాలి, బండిలో కాదు.

ఫారాలు, లేబుళ్లు

దాత నింపేది ప్రశ్నల ఫారం, కింద సమ్మతి సంతకం. తెలుగులో ఉండాలి, చదవలేని వాళ్లకు చదివి వినిపించాలి. వయసు 18 నుంచి 65, బరువు 45 కిలోలకు తగ్గకూడదు. 450 మిల్లీలీటర్ల బ్యాగుకైతే 55 దాటాలి. గతసారి ఇచ్చాక మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు గడవాలి. జబ్బుల గురించీ, సొంత జీవితం గురించీ అడిగే ప్రశ్నలు స్నేహితులు పక్కన నిలబడి ఉండగా అడిగితే నిజం రాదు. ఒక తెర, రెండు కుర్చీలు జాబితాలో రాసుకోండి. రక్తం భద్రత సగం ఆ తెర వెనకే తేలుతుంది.

లేబుళ్లు ఎన్ని కావాలో కూడా బ్యాగును బట్టే ఉంటుంది. ట్రిపుల్ బ్యాగుకు మూడు, శాంపిల్ గొట్టాలకు రెండు, ఫారానికి ఒకటి, రిజిస్టరుకు ఒకటి, మొత్తం ఏడు, అన్నిటి మీదా ఒకే నంబరు. మామూలు బ్యాగుకు ఐదు. ఈ లేబుళ్లు దాత పడుకున్నాక, అతని పేరు, తండ్రి పేరు అతని నోటితో చెప్పించుకున్నాక, బెడ్ దగ్గరే ఒకేసారి అతికించాలి. కాలేజీల్లో ఒకే క్లాసులో ఇద్దరు మహేశ్‌లు పక్కపక్క బెడ్ల మీద పడుకోవడం మామూలే. ముందే అతికించిన బ్యాగులు బల్ల మీద ఉంటే ఒకరి శాంపిల్ గొట్టం ఇంకొకరి బ్యాగు వెంట పోతుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ ఆ గొట్టంలోని రక్తానికే చేస్తారు. గొట్టం మారితే పరీక్ష ఒకరిదీ, రక్తం ఇంకొకరిదీ అవుతుంది.

తినేవి, తాగేవి

ఇక్కడ రెండు భాగాలు. ఇవ్వడానికి ముందు, ఇచ్చాక. ముందు సంగతి ఎవరూ పట్టించుకోరు. తిని నాలుగు గంటలు దాటిపోయినవాళ్లకు ఏదో ఒకటి పెట్టాలి, ఉపవాసం ఉన్నవాళ్లను ఇంకోరోజు రమ్మనాలి. పొద్దున ఉగ్గాణి తిని వస్తే చాలా మంచిది. పక్కన బజ్జీలు మాత్రం ఆ ఒక్కపూటకు వద్దని ముందురోజే మెసేజ్ పెట్టండి. నూనె ఎక్కువ తిని వస్తే ప్లాస్మా పాలు కలిపినట్టు తెల్లగా మారి, పరీక్షలకు అడ్డం పడుతుంది, ప్లాస్మా కూడా పనికిరాకుండా పోతుంది. ఫారం నింపేటప్పుడే ప్రతివాళ్లకూ అర లీటరు నీళ్ల సీసా చేతికివ్వాలి. మా ఎండల్లో కళ్లు తిరగడం తగ్గించేది అన్నిటికంటే ఈ సీసానే.

ఇచ్చాక పదిహేను నిమిషాలైనా కూర్చోబెట్టాలి. గంటకు ఇరవైమంది లెక్కన ఏ సమయంలో చూసినా అక్కడ ఐదారుగురు ఉంటారు, ఎనిమిది కుర్చీలు చాలు. చీనీ రసం, మజ్జిగ, నన్నారి ఏదైనా మంచిదే. బయటి ఐస్‌గడ్డలు కొట్టి వేయడం మాత్రం వద్దు, సీలు వేసిన ప్యాకెట్లు తెప్పించండి. రక్తం కోసం తెచ్చిన ఐస్ పెట్టెలో మజ్జిగ ప్యాకెట్లు పెట్టడం అసలే కుదరదు, వాటికి వేరే పెట్టె. హిమోగ్లోబిన్ తక్కువై వెనక్కి పోతున్నవాళ్లను కూడా ఇక్కడే కూర్చోబెట్టి, అంకె ఎంత వచ్చిందో, ఎక్కడ చూపించుకోవాలో చెప్పి పంపాలి. వాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే ఉంటారు. వాళ్లకు ఆ రోజు దొరికే ఒకే ఒక్క ఉపయోగం ఆ మాట.

బండి కదిలే ముందు

1:30 నుంచి 2 గంటల దాకా ఉన్న అరగంట లెక్కకోసం. సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లవ్స్, గొట్టాలు ఎర్ర సంచిలోకి. ఇవేవీ కాలేజీ చెత్తకుండీలోకి పోకూడదు, మా బండిలోనే మాతో రావాలి. తర్వాత అంకెలు. 98 మంది పేర్లు నమోదయ్యాయి, 13 మందిని వెనక్కి పంపారు, 85 మంది ఇచ్చారు అనుకుందాం. మామూలు బ్యాగులు 45 తెస్తే, 36 నిండాయి, ఒకటి సగంలో ఆగింది, 8 కవరు తెరవనివి. ట్రిపుల్ 55 తెస్తే, 47 సరిగా నిండాయి, ఒకటి పది నిమిషాలు దాటింది, 7 తెరవనివి. పది నిమిషాలు దాటినది చల్లటి పెట్టెలోకి మారాలి, సగంలో ఆగినది వేరే కవర్లో. ఫారాలు 85, శాంపిల్ గొట్టాల జతలు 85, వాడిన సూదులు 85. ఒక్కటి తేడా వచ్చినా బండి ఎక్కకుండా అక్కడే వెతుకుతాం, ఎందుకంటే దాత ఇంకా కాలేజీ గేటు దాటి ఉండడు, పిలిచి అడగొచ్చు. అంకెలు కలిశాక రెండు పెట్టెల థర్మామీటర్లు చూసి, కాగితం మీద 2:00 అని టైము వేసి, ల్యాబ్‌కు ఫోన్ చేసి చెబుతాం: నలభై ఏడు వస్తున్నాయి, మొదటిదాని గడువు ఐదు గంటలు, మిషన్ చల్లబరిచి పెట్టండి.